మెమోలో క్రెడిట్లు లేకపోతే పర్సంటేజీ ఎట్ల చెప్పాలె?



పోయిన వారం గ్రూపులో ఇంద్రవెల్లి దిక్కు చెల్లె ఒకామె ఒక ఫొటో పెట్టింది. ఫోన్లో తీసిన రిజల్ట్ పేజీ. బీఎస్సీ బీజెడ్‌సీ మొదటి సెమిస్టరు. కింద ఒకటే లైను: "అన్నా, అక్కా, నాకు ఎంత పర్సంటేజీ వచ్చినట్టు? రేపటిలోపు ఫారం నింపాలె." పది నిమిషాల్లో మనోళ్ళు నాలుగు జవాబులు ఇచ్చిండ్రు. ఒకరు 80 అన్నరు, ఒకరు 75, ఒకరు 72.4, ఇంకొకరు 67.4. అందరూ అదే ఫొటో చూసిండ్రు, అందరికీ కూడికలు, గుణింతాలు వచ్చు. మరి నాలుగు జవాబులు ఎందుకు వచ్చినయి? ఎవరేం అనుకుని లెక్క చేసిండ్రో ఒక్కరు కూడా రాయలేదు. అందుకే ఈ పోస్టు.

ముందు మా తప్పు ఒకటి ఒప్పుకోవాలె. నిరుడు ఉట్నూరు అన్న ఒకాయన ఇట్లనే అడిగితే మేమే "80 రాయి అన్నా, ఏం కాదు" అన్నం. ఆయన రాసిండు. సర్టిఫికెట్ల వెరిఫికేషన్ కాడ ఒరిజినల్ మెమో చూసి, ఫారంలో ఉన్నదానికి దీనికి పొంతన లేదని ఆయన దరఖాస్తు పక్కన పెట్టిండ్రు. నిజానికి అసలు నంబరుతో కూడా ఆయనకు అర్హత ఉండె. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు గానీ మాకే మనసున పట్టలేదు. అందుకే ఈసారి చెల్లెను ఒక్కరోజు ఆగమని చెప్పి, నలుగురం ఫోన్లు పట్టుకుని కూసున్నం.

మన ఆదిలాబాద్ కాలేజీలు కాకతీయ యూనివర్సిటీ కింద ఉంటయి, కరీంనగర్ కాలేజీలు శాతవాహన కింద. తెలంగాణలో డిగ్రీకి 2016-17 నుంచి క్రెడిట్ల పద్ధతి, అంటే సీబీసీఎస్ వచ్చింది. అంతకుముందు చదివిన మన అన్నల మెమోల్లో ఏడాదికోసారి పరీక్షలు, మార్కులు, టోటల్, పార్ట్-1, పార్ట్-2 అని ఉంటుండె. టోటల్ మీద టోటల్ పెట్టి భాగిస్తే అయిపోయేది. క్రెడిట్ల మెమోకు ఆ లెక్క నడవదు. గ్రూపులో పెద్దోళ్ళు ఇచ్చే సలహా చానాసార్లు ఇక్కడనే తప్పుతది, వాళ్ళు తమ మెమోను మనసుల పెట్టుకుని చెప్తరు కాబట్టి.

చెల్లె ఫొటోలో తొమ్మిది లైన్లు ఉన్నయి. ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్ ఓ, ఇంగ్లిష్ బీ, తెలుగు ఏ ప్లస్. బోటనీ థియరీ బీ, ప్రాక్టికల్ ఓ. జువాలజీ థియరీ బీ ప్లస్, ప్రాక్టికల్ ఓ. కెమిస్ట్రీ థియరీ సీ, ప్రాక్టికల్ ఏ ప్లస్. గ్రేడు అక్షరాలే ఉన్నయి. మార్కులు లేవు, క్రెడిట్ల కాలం లేదు, కింద ఎస్‌జీపీఏ కూడా లేదు. ఒరిజినల్ మెమో ఆమె చేతికి రాలేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ పడలేదని కాలేజీ ఆఫీసులోనే ఆపిండ్రు. మనలో చానామందికి ఈ సంగతి తెలిసిందే, దాని మీద వేరే పోస్టు రాస్తం.

80 అన్నోళ్ళు ఏం చేసిండ్రంటే: ఓ అంటే 10, ఏ ప్లస్ అంటే 9, బీ ప్లస్ 7, బీ 6, సీ 5 అని పాయింట్లు వేసుకుని తొమ్మిదింటినీ కలిపిండ్రు. 72 వచ్చింది. తొమ్మిదితో భాగిస్తే 8.00. పదితో గుణిస్తే 80. లెక్క తప్పు లేదు. కానీ అందుల చెప్పని మాట ఒకటుంది: తొమ్మిది పేపర్లకూ ఒకే తూకం అని అనుకున్నరు.

పత్తి అమ్మినోళ్ళకు ఇది చెప్పాల్సిన పని లేదు. ఒక క్వింటాలు మంచి పత్తి 7000కు పోయింది, తొమ్మిది క్వింటాళ్ళు వానకు తడిసి 6000కు పోయింది అనుకోండి. ఇంటికొచ్చి బాపుకు "సగటున 6500 పడ్డది" అని చెప్తే ఆయన నవ్వుతడు. చేతికొచ్చింది 61,000, పత్తి పది క్వింటాళ్ళు, అంటే సగటు 6100. క్రెడిట్ అంటే ఆ క్వింటాలే. చెల్లె మెమోలో ఎక్కువ గ్రేడ్లు వచ్చినయి ప్రాక్టికల్స్‌లో, ఎన్విరాన్‌మెంటల్‌లో. అవి తక్కువ తూకం పేపర్లు. తక్కువ గ్రేడ్లు థియరీలో, అవి ఎక్కువ తూకం. అందుకే ఒకే తూకం అనుకుంటే ఆమె సగటు పైకి లేస్తది. సైన్సు పిల్లలు చానామందికి ప్రాక్టికల్స్‌లో గ్రేడు బాగనే పడతది కాబట్టి ఈ తప్పు ఎప్పుడూ పైకే గుంజుతది. ఫారంలో ఎక్కువ రాసినట్టు అయ్యేది అందుకే.

అసలు సూత్రం యూజీసీ సీబీసీఎస్ మార్గదర్శకాల్లో ఉన్నదే:

```
SGPA = Σ(C × G) / ΣC
```

C అంటే ఆ పేపరు క్రెడిట్లు, G అంటే గ్రేడ్ పాయింటు. ప్రతి పేపరుకు రెండింటినీ గుణించి, అన్నీ కలిపి, మొత్తం క్రెడిట్లతో భాగించుడు. G అయితే ఫొటోలో దొరుకుతది. C ఎక్కడిది?

మేము రెండు తొవ్వలు పట్టినం. మొదటిది సిలబస్ కాపీ. యూనిట్ల కంటె ముందు ఒక పట్టిక ఉంటది, ఏ సెమిస్టరులో ఏ పేపరు, వారానికి ఎన్ని గంటలు, ఎన్ని క్రెడిట్లు అని. మనోళ్ళు యూనిట్ల పేజీలే జిరాక్స్ తీసుకుంటరు, ఆ పేజీ ఎవరి దగ్గరా ఉండదు. చెల్లె సీనియర్ ఒకామె దగ్గర పీడీఎఫ్ దొరికింది. అందుల ఎన్విరాన్‌మెంటల్ 2, ఇంగ్లిష్ 4, తెలుగు 4, ఒక్కో సైన్సు సబ్జెక్టుకు థియరీ 4, ప్రాక్టికల్ 1. మొత్తం 25. అయితే అది ఆమె బ్యాచ్‌దేనా, ముందటి బ్యాచ్‌దా అని పీడీఎఫ్ మీద స్పష్టంగా లేదు. సిలబస్ మారినప్పుడు క్రెడిట్లు కూడా మారుతయి, పేపరు పేరు అదే ఉన్నా సరే. కాబట్టి ఇది ఇంకా "అనుకున్నది" మాత్రమే.

రెండో తొవ్వ టైంటేబుల్. థియరీకి వారానికి ఒక గంట పాఠం ఒక క్రెడిట్, ప్రాక్టికల్‌కు వారానికి రెండు గంటలు ఒక క్రెడిట్ అని యూజీసీ లెక్క. చెల్లెకు బోటనీ పాఠాలు వారానికి నాలుగు గంటలు, ల్యాబ్ రెండు గంటలు. అంటే 4, 1. పీడీఎఫ్‌తో కలిసింది. 75 అన్న తమ్ముడు ఎక్కడ పొరపాటు చేసిండో కూడా ఇక్కడనే దొరికింది. ల్యాబ్ రెండు గంటలు ఉంది కాబట్టి 2 క్రెడిట్లు అనుకున్నడు. అట్ల వేస్తే మొత్తం 28 క్రెడిట్లు, గుణింతాల మొత్తం 210, ఎస్‌జీపీఏ 7.50 వస్తది.

ప్రాక్టికల్‌కు 1 వేసి మా లెక్క ఇట్ల చేసినం. ఎన్విరాన్‌మెంటల్ రెండు పదులు 20. ఇంగ్లిష్ నాలుగు ఆర్లు 24. తెలుగు నాలుగు తొమ్మిదులు 36. బోటనీ థియరీ 24, ప్రాక్టికల్ 10. జువాలజీ థియరీ 28, ప్రాక్టికల్ 10. కెమిస్ట్రీ థియరీ 20, ప్రాక్టికల్ 9. అన్నీ కలిపితే 181. దాన్ని 25తో భాగిస్తే 7.24. ఫోన్లో షీట్స్ వాడేటోళ్ళు క్రెడిట్లు B కాలంలో, పాయింట్లు C కాలంలో వేసి ఇది కొడితే చాలు:

```
=SUMPRODUCT(B2:B10,C2:C10)/SUM(B2:B10)
```

8.00, 7.50, 7.24. మెమో ఒకటే. క్రెడిట్ల గురించి ఏం అనుకున్నమో దాన్నిబట్టి ముప్పావు పాయింటు తేడా వచ్చింది.

ఇప్పుడు అనుకున్నది సరైందో కాదో ఎట్ల తెలుసుకోవాలె? ఇది మాకు కూడా ఆ రాత్రే తట్టింది. చెల్లె దగ్గర రెండో సెమిస్టరు ఒరిజినల్ మెమో ఉంది. దాంట్ల కూడా క్రెడిట్ల కాలం మడతలో చినిగి పోయింది గానీ కింద ఎస్‌జీపీఏ 7.56 అని కనబడుతుంది. జవాబు తెలిసిన లెక్క అన్నట్టు. మా క్రెడిట్లు సరైనవైతే దాని మీద పెట్టినప్పుడు 7.56 రావాలె. ఆ సెమిస్టరులో రెండు క్రెడిట్ల పేపరుకు ఓ, ఇంగ్లిష్ బీ, తెలుగు ఏ ప్లస్, బోటనీ బీ ప్లస్, ఓ, జువాలజీ బీ ప్లస్, ఏ ప్లస్, కెమిస్ట్రీ బీ, ఓ. ప్రాక్టికల్ 1 అని వేసినం. మొత్తం 189, 25తో భాగిస్తే 7.56. సరిగ్గా కలిసింది. ప్రాక్టికల్ 2 అని వేస్తే 7.79, అన్నీ సమానం అంటే 8.22. రెండూ కలవలేదు.

దీంతో ఓ అంటే 10, బీ అంటే 6 అనే పట్టిక మీద కూడా నమ్మకం కుదిరింది, ఎందుకంటే పాయింట్లు తప్పైతే కూడా 7.56 రాకపోవు. యూజీసీ పట్టికలో ఓ 10, ఏ ప్లస్ 9, ఏ 8, బీ ప్లస్ 7, బీ 6, సీ 5, పీ 4, ఫెయిల్ 0. కానీ యూనివర్సిటీలు తమ పట్టిక వేరే పెట్టుకోవచ్చు, మెమో వెనక చూసుకోవాలె. ఒక్క సెమిస్టరు కలిసిందని నూటికి నూరు రుజువు అయిపోదు, వేరే క్రెడిట్లతో కూడా ఎప్పుడన్నా అదే నంబరు పడొచ్చు. పీడీఎఫ్, టైంటేబుల్, పాత మెమో మూడూ ఒకే మాట చెప్పినయి కాబట్టి మేము ముందుకు పోయినం.

రెండు సెమిస్టర్లు కలిపితే మొదటి ఏడాది సీజీపీఏ: 181, 189 కలిపి 370, దాన్ని 50తో భాగిస్తే 7.40. ఇక్కడ రెండు ఎస్‌జీపీఏలను కలిపి రెండుతో భాగించినా అదే వస్తది, రెండు సెమిస్టర్లకూ 25 క్రెడిట్లే ఉన్నయి కాబట్టి. ఒక దాంట్ల 20, ఇంకో దాంట్ల 25 ఉంటే అట్ల చేయొద్దు. మళ్ళ పత్తి కథే.

ఇక్కడిదాకా బాగనే ఉంది. అసలు గొడవ పర్సంటేజీ కాడ మొదలైంది. చెల్లె నింపే ఫారం ఒక స్కాలర్‌షిప్‌ది. మొదటి ఏడాదిలో కనీసం 70 శాతం ఉండాలె అని రాసి ఉంది, సీజీపీఏ అన్న మాటే లేదు. 7.40ను శాతం చేయాలంటే మనోళ్ళు మూడు సూత్రాలు చెప్పిండ్రు. పదితో గుణిస్తే 74. తొమ్మిదిన్నరతో గుణిస్తే 70.3. అర పాయింటు తీసేసి పదితో గుణిస్తే 69. అంటే రెండు సూత్రాలతో ఆమె గడప దాటుతది, ఒకదానితో ఆగిపోతది.

ఈ సూత్రాలు ఎక్కడివో అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు, "అందరూ అట్లనే చేస్తరు" అన్నరు. వెతికితే తెలిసింది ఇది. తొమ్మిదిన్నర సూత్రం సీబీఎస్ఈ పదో తరగతి గ్రేడ్లకు పెట్టింది. అర పాయింటు తీసేసేది ఇంజినీరింగ్ వాళ్ళది, జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో చదివే మన పిల్లలకు అది సరిపోతది. రెండూ ఆ సంస్థలు తమ మెమోల కోసం పెట్టుకున్నవి. బీఎస్సీ చెల్లెకు అవి వర్తిస్తయని ఎవరూ ఎక్కడా రాయలేదు. దేశమంతటికీ ఒకే సూత్రం అనేది లేదు. మెమో ఇచ్చిన యూనివర్సిటీ చెప్పాలె, లేకుంటే ఫారం అడిగినోళ్ళు చెప్పాలె.

ఆ రాత్రి గ్రూపులో కొంచెం గట్టిగానే మాటలు నడిచినయి. "తొమ్మిదిన్నర వేసుకుని 70.3 రాసేయమను, అర్హత వస్తది కదా" అని కొందరన్నరు. వాళ్ళది చెడ్డ మనసు కాదు, పిల్ల నష్టపోవద్దని. కానీ ఏ సూత్రంతో గట్టెక్కుతమో చూసి ఆ సూత్రం ఎంచుకుంటే అది లెక్క కాదు. పైగా వెరిఫికేషన్‌లో "ఈ 70.3 ఎక్కడిది" అంటే చూపెట్టడానికి కాయితం ఉండదు. "అయితే 69 రాసి వదిలేద్దామా?" అని చెల్లె అడిగింది. అది కూడా వద్దన్నం. తనది కాని సూత్రంతో తనను తానే బయట పెట్టుకోవడం దేనికి?

మార్కులు ఉంటే ఈ గొడవే లేదు అని ఒకరన్నరు. కొంతవరకు నిజమే. బ్యాంకు ఉద్యోగాల ఐబీపీఎస్ ప్రకటనలు చూస్తే, అన్ని సెమిస్టర్లలో అన్ని సబ్జెక్టుల మార్కులు కలిపి, అన్నిటి గరిష్ఠ మార్కుల మొత్తంతో భాగించాలె అని ఉంటది. అక్కడ క్రెడిట్ల పనే లేదు. కానీ అక్కడ కూడా ఒకటి చూసుకోవాలె: ప్రాక్టికల్‌లో 23 అని ఉంటే అది 25కా, 50కా? గరిష్ఠ మార్కులు మెమోలో లేకపోతే అది కూడా మనం అనుకున్నదే అయితది. ఇంకోటి, రౌండు చేయడం. అదే ఐబీపీఎస్ 59.99ను 60 కంటె తక్కువగానే చూస్తమని రాస్తది. యూజీసీ నెట్‌కు మన ఎస్టీలకు పీజీలో 50 శాతం చాలు గానీ రౌండు చేయకుండా అని స్పష్టంగా ఉంటది. 49.96ను 50 అని రాసుకుంటే కుదరదు. మధ్యలో ఎక్కడా రౌండు చేయకుండా, చివరిదాకా పోయినంక రెండు దశాంశాలకు ఆపండి.

చివరకు చేసింది ఏందంటే, స్కాలర్‌షిప్ వాళ్ళకే మెయిల్ పెట్టినం. ఏం అడగాలో రెండు లైన్లలో: మా మెమోలో గ్రేడ్లే ఉన్నయి, సీజీపీఏ 7.40, శాతం గడిలో ఏ సూత్రంతో రాయమంటరు? మెయిల్‌కు ఒక నోటు జత చేసినం. దాన్ని ఇక్కడ పెడుతున్నం, మీ వివరాలు మార్చుకుని వాడుకోండి:

"మొదటి సెమిస్టరు ఎస్‌జీపీఏ 7.24 అనేది నేను లెక్కించింది, మెమో మీద అచ్చైనది కాదు. రెండో సెమిస్టరు 7.56 మెమో మీద ఉన్నది. లెక్కకు అనుకున్నవి: థియరీ, భాషల పేపర్లు ఒక్కొక్కటి 4 క్రెడిట్లు, ప్రాక్టికల్ ఒక్కొక్కటి 1, ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్ 2, మొత్తం 25. ఈ క్రెడిట్లతో రెండో సెమిస్టరు లెక్కిస్తే మెమో మీది 7.56 వస్తున్నది. గ్రేడ్ పాయింట్లు ఓ 10 నుంచి సీ 5 వరకు. రెండు సెమిస్టర్లకు బ్యాక్‌లాగులు లేవు. సీజీపీఏ 7.40. శాతంగా మార్చలేదు. ఒరిజినల్ మెమో రాగానే పంపిస్తాను, తేడా ఉంటే ఒరిజినల్‌లో ఉన్నదే ఖాయం."

బ్యాక్‌లాగు మాట ఎందుకు రాసినమంటే, ఒక పేపరు పోయి ఉంటే ఆ నాలుగు క్రెడిట్లకు పాయింటు సున్నా, కానీ కింద భాగించే 25లో ఆ నాలుగు ఉంటయి. చానామంది ఫెయిలైన పేపరును మొత్తానికే వదిలేసి 21తో భాగిస్తరు. చెల్లెకు ఆ సమస్య లేదు, గ్రూపులో ఉన్నోళ్ళకు కొందరికి ఉంది.

జవాబు ఆఖరు తేదీకి రెండు రోజుల ముందు వచ్చింది. సీజీపీఏ ఉన్నోళ్ళు పదితో గుణించి గడిలో రాయండి, మెమోలు, ఆ నోటు జత చేయండి, మా దగ్గర అందరికీ అదే పద్ధతి అన్నరు. 74.00 అని రాసింది. ఆ మెయిల్ స్క్రీన్‌షాట్ కూడా దాచిపెట్టుకుంది.

జాబితా ఇంకా రాలేదు. నోటును ఇంగ్లిష్‌లో టైపు చేసి ఇచ్చింది నిరుడు మా మాట విని 80 రాసిన ఉట్నూరు అన్ననే. క్రెడిట్ల పట్టిక ఉన్న పేజీ ఎవరి దగ్గరన్నా ఉంటే, కాకతీయదైనా శాతవాహనదైనా, ఏ బ్యాచ్‌దో రాసి కింద పెట్టండి. ఆర్ట్స్, కామర్స్‌వి ఇంకా మాకు దొరకలేదు.